వెలిగారం Ksp ప్రయోగం: R² 0.993 వచ్చింది, ΔH మాత్రం 93 దగ్గరే ఆగింది

ఉప్పుకల్లు

అందరికీ నమస్కారం. మా ఫిజికల్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో బోరాక్స్ ద్రావణీయతా లబ్ధాన్ని రకరకాల ఉష్ణోగ్రతల దగ్గర కొలిచి, ln Ksp కి 1/T కి గ్రాఫ్ గీసి ΔH, ΔS తీయాలి. చేసిన పద్ధతి ఇది.

100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 20 గ్రాముల బోరాక్స్ వేసి 55 డిగ్రీల దాకా వేడిచేశాను. అంతా కరిగింది. అదే బీకరును చల్లారనిస్తూ ఒక్కో ఉష్ణోగ్రత రాగానే 5 మి.లీ. పిపెట్‌తో తీసి, నీళ్ళు కలిపి, బ్రోమోక్రెసాల్ గ్రీన్ వేసి 0.200 M HCl తో టైట్రేట్ చేశాను. పట్టిన ఆమ్లం, మి.లీ. లలో:

50 °C: 23.4
45 °C: 20.8
40 °C: 16.6
35 °C: 13.2
30 °C: 10.9
25 °C: 9.3

ఒక బోరేట్ అయానుకు రెండు HCl చొప్పున s లెక్కకట్టి Ksp = 4s³ తీసుకున్నాను. గ్రాఫ్ వాలు −11199 K, అంతరఖండం 33.83. అంటే ΔH 93.1 kJ/mol, ΔS 281 J/mol·K. R² 0.993. గీత చూడ్డానికి బాగానే ఉంది, కానీ మా మేడమ్ ఎంథాల్పీ 110 దరిదాపుల్లో రావాలి, మళ్ళీ చూసుకో అన్నారు. లెక్క రెండుసార్లు సరిచూశాను, తప్పు కనబడలేదు. ఎక్కడ తేడా వచ్చి ఉంటుంది?

శ్రీవల్లి_కెమ్

ఆమ్లం గాఢతలో తేడా ఉంటుందండీ, తొంభై శాతం అదే. HCl ను స్టాండర్డైజ్ చేశారా? 0.200 అనుకున్నది 0.19 అయితే s తప్పుతుంది, దాన్ని ఘనం చేస్తాం కాబట్టి Ksp లో తప్పు మూడింతలవుతుంది, ఆ తప్పంతా ΔH లోకి వచ్చేస్తుంది. చాలామంది 1:2 నిష్పత్తి మర్చిపోయి కూడా ఇలాగే దెబ్బతింటారు. మీరు ఆ నిష్పత్తి మర్చిపోలేదు కాబట్టి ఇక ఆమ్లమే.

గ్రాఫ్‌పిచ్చి

శ్రీవల్లిగారూ, మొదటి సగం ఒప్పుకుంటాను, రెండో సగం కాదు. s లో తప్పు మూడింతలై Ksp లోకి వస్తుంది, నిజమే. కానీ ఆమ్లం గాఢత తప్పయితే అది ఆరు బిందువుల్లోనూ ఒకే నిష్పత్తిలో తప్పు. లాగరిథమ్ తీసుకుంటే నిష్పత్తి కాస్తా ఒక స్థిరసంఖ్య అవుతుంది. గీత మొత్తం పైకో కిందికో జరుగుతుందే తప్ప వాలు మారదు. ΔH కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, దెబ్బంతా ΔS మీద పడుతుంది.

1:2 మర్చిపోయిన వాళ్ళ సంగతే చూడండి. s రెండింతలవుతుంది, Ksp ఎనిమిదింతలు, ln Ksp ప్రతిచోటా 2.08 పెరుగుతుంది. ΔS లో 17.3 J/mol·K ఎక్కువ వస్తుంది, ΔH అక్షరం మారకుండా అదే వస్తుంది. పిపెట్ 5 మి.లీ. బదులు 4.9 పట్టినా ఇదే కథ. అందుకే ΔH తప్పుగా ఉందంటే, ఉష్ణోగ్రతతో పాటు మారే తప్పు కోసం వెతకాలి.

లెక్కలో అలాంటివి ఉంటాయి. ఘనం చేయడం మర్చిపోయి ln s గీస్తే ΔH మూడో వంతే వస్తుంది, సుమారు 37. log₁₀ గీసి 2.303 తో గుణించకపోతే 48 వస్తుంది. 93 ఈ రెంటిలో దేనికీ సరిపోదు. నేనూ అంకెలు వేసి చూశాను, లెక్క సరిగ్గానే ఉంది. తప్పు బీకరులో జరిగింది.

మామిడితోట

మంచి విషయం మాట్లాడుతున్నారు. మాకు బోరాన్ లోపానికి వెలిగారం పిచికారీ చేయమన్నారు, లీటరుకు రెండు గ్రాములు. పొద్దున్నే బోరు నీళ్ళల్లో వేస్తే డ్రమ్ము అడుగున గడ్డకట్టి కూర్చుంటోంది, కరగడం లేదు. ఏ ఉష్ణోగ్రతకి ఎంత కరుగుతుందో మీ గ్రాఫ్ చూసి చెప్పగలరా?

బ్యూరెట్‌బాబాయ్

మామిడితోటగారూ, ముందు మీది చూద్దాం. 25 డిగ్రీల దగ్గర నూరు గ్రాముల ద్రావణంలో దాదాపు ఆరు గ్రాముల వెలిగారం ఉండగలదు. మీకు కావలసింది లీటరుకు రెండు గ్రాములే, అంటే పరిమితిలో ముప్ఫయ్యో వంతు. కరగకపోవడం కాదది, నెమ్మదిగా కరగడం. పొడి తడిసి ముద్దైతే లోపలికి నీరు చేరదు. ఒక బకెట్ వేడి నీళ్ళలో పూర్తిగా కరిగించి ఆ నీళ్ళు డ్రమ్ములో పోయండి. వెలిగారం నీళ్ళు క్షారం, pH 9 దాటి ఉంటుంది. వేరే మందులతో కలిపే పనైతే ముందు ఆ మందు లేబుల్ చదవండి.

ఇక ఉప్పుకల్లు ప్రశ్న. తేడా మీరు రాసిన రెండో వాక్యంలోనే ఉంది: "అంతా కరిగింది".

సంతృప్త ద్రావణం అనాలంటే అడుగున ఘనపదార్థం మిగిలి ఉండాలి. 50 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీరు సుమారు 22 గ్రాముల డెకాహైడ్రేట్‌ను మోయగలదు. మీరు వేసింది 20. కాబట్టి మీ 50 డిగ్రీల నమూనా సంతృప్తమే కాదు. నమ్మకం కుదరకపోతే ఎదురు లెక్క వేయండి. 20 గ్రాములను 381.4 తో భాగిస్తే 0.0524 మోల్. ద్రావణం ఘనపరిమాణం దాదాపు 112 మి.లీ. అవుతుంది. గాఢత 0.468 M. మీ 23.4 మి.లీ. నుంచి వచ్చే s కూడా 0.468. అంటే ఆ టైట్రేషన్‌లో మీరు కొలిచింది ద్రావణీయతను కాదు, త్రాసులో మీరు తూచిన 20 గ్రాములను. ఆ ఉష్ణోగ్రత దగ్గర నిజంగా సంతృప్తమైతే 25.5 మి.లీ. అటూ ఇటూ పట్టాలి.

మిగతా అయిదు బిందువులకు జబ్బు వేరు, ఎదురు దిశలో ఉంది. గింజ కూడా మిగలకుండా కరిగిన ద్రావణాన్ని చల్లారిస్తే, స్ఫటికం ఏర్పడడానికి ఆధారం దొరకక అది అతిసంతృప్తంగా ఉండిపోతుంది. మధ్యలో ఎప్పుడో స్ఫటికాలు మొదలైనా, అవి పడే వేగం కన్నా మీ బీకరు చల్లారే వేగం ఎక్కువ. అందుకే 25 దగ్గర 8 మి.లీ. పట్టాల్సిన చోట 9.3 పట్టింది.

వేడి చివర తక్కువ, చల్లటి చివర ఎక్కువ. రెండూ కలిసి గీతను పడుకోబెట్టాయి, ΔH తగ్గింది.

ఉప్పుకల్లు

సార్, 25 దగ్గరికి వచ్చేసరికి అడుగున స్ఫటికాలు బాగానే కనబడ్డాయి. ఘనపదార్థం ఉంది కదా, అప్పుడు సంతృప్తమే అవ్వాలి కదా?

బ్యూరెట్‌బాబాయ్

ఘనపదార్థం ఉండడం అవసరం, అదొక్కటే చాలదు. దానికి సమయం కూడా ఇవ్వాలి. థర్మామీటరు 25 చూపించగానే పిపెట్ ముంచితే, అయిదు నిమిషాల క్రితం ఉన్న గాఢతలో కొంత ఇంకా ద్రావణంలోనే ఉంటుంది. పరీక్ష తేలిక. అదే బీకరును 25 దగ్గరే కలుపుతూ పావుగంట ఆపి ఇంకో నమూనా తీయండి. ఆమ్లం తగ్గితే ఇంకా స్ఫటికాలు పడుతున్నట్టు. వరసగా రెండు నమూనాలు 0.1 మి.లీ. లోపల కలిసేదాకా ఆ బిందువును రాసుకోకండి.

గ్రాఫ్‌పిచ్చి

బాబాయ్‌గారు చెప్పింది గ్రాఫ్‌లోనే కనబడుతుంది, R² ని నమ్మకుండా చూస్తే. పక్కపక్క బిందువులు రెండేసి తీసుకుని వాలు కట్టి, దాన్ని ΔH గా మార్చాను:

25–30: 72 kJ/mol
30–35: 89
35–40: 110
40–45: 112
45–50: 60

ఒకే గీత మీద ఉండాల్సిన బిందువులివి. మధ్యలో 110, రెండు చివర్లా పడిపోయింది. అయినా R² 0.993. ln Ksp ఈ మేర మారుతున్నప్పుడు ఇలాంటి వంకర గీతకు కూడా R² 0.99 దాటుతుంది. ఈ ప్రయోగంలో దాన్ని చూసి సంతోషించడానికి ఏమీ లేదు. ప్రతి బిందువూ గీతకు ఎంత పైన, ఎంత కింద ఉందో ఆ తేడాలను గీసి చూడండి.

నిజాంసాగర్

నాదీ ఇలాంటిదే, కాస్త వేరు. నేను ఘనపదార్థం ఎక్కువే వేశాను, అడుగున ఎప్పుడూ ఉంది. 40 నుంచి 70 దాకా వెళ్ళాను. 60 దాకా గీత బాగుంది, 65, 70 బిందువులు కిందికి వంగిపోయాయి. ఘనపదార్థం ఉండగా కూడా వంగిందంటే ఉప్పుకల్లు బిందువుకు కూడా కారణం అతను తూచిన 20 గ్రాములు కాకపోవచ్చు కదా?

బ్యూరెట్‌బాబాయ్

రెండూ వంగడమే, కారణాలు వేరు. అతనిది 50 దగ్గర వంగింది, మీది 60 తర్వాత. సంతృప్త ద్రావణంలో 60.8 డిగ్రీలు దాటితే డెకాహైడ్రేట్ నిలవదు, పెంటాహైడ్రేట్ అవుతుంది. అక్కడినుంచి మీ బీకరు అడుగున ఉన్నది వేరే ఘనపదార్థం. అది కరగడానికి కావలసిన వేడి తక్కువ, అందుకే వాలు తగ్గుతుంది. 65, 70 బిందువులు తప్పులు కావు, కానీ అవి ఈ గీతకు చెందవు. వాటిని కలిపి ఒకే గీత గీస్తే రెండు ఘనపదార్థాల ΔH లను కలగాపులగం చేసినట్టే. పై హద్దు 55 పెట్టుకోవడం మేలు. 58 దాటితే వాటర్ బాత్ ఒక్క డిగ్రీ ఊగినా చిక్కు.

శ్రీవల్లి_కెమ్

ఆమ్లం సంగతి గ్రాఫ్‌పిచ్చిగారు చెప్పింది ఒప్పుకున్నాను. సూచిక మాటేమిటి? మా కాలేజీలో బోరాక్స్‌కి మిథైల్ ఆరెంజ్ వాడతాం. కొందరు ఫినాఫ్తలీన్ వేసి చేసిన రికార్డులు కూడా చూశాను.

బ్యూరెట్‌బాబాయ్

చివరి బిందువు దగ్గర ఫ్లాస్కులో మిగిలేది బోరిక్ ఆమ్లం. దాని pH 5 చుట్టుపక్కల ఉంటుంది. బ్రోమోక్రెసాల్ గ్రీన్, మిథైల్ రెడ్ రెండూ అక్కడే రంగు మారతాయి. మిథైల్ ఆరెంజ్ కొంచెం ఆలస్యంగా, 4.4 నుంచి కిందికి మారుతుంది. ఒక చుక్క, రెండు చుక్కలు ఎక్కువ పడొచ్చు, ఈ ప్రయోగానికి అదేమీ ప్రమాదం కాదు. ఫినాఫ్తలీన్ మాత్రం పనికిరాదు. వెలిగారం ద్రావణమే pH 9.2 దగ్గర మొదలవుతుంది కాబట్టి బోరేట్ అంతా తటస్థం కాకముందే గులాబీ రంగు మెల్లగా పోతుంది. అలా రాసిన రికార్డులో Ksp విలువలన్నీ మరీ చిన్నవిగా ఉంటాయి.

ఉప్పుకల్లు వాడిన సూచిక సరైనదే. నీలం పోయి ఆకుపచ్చ మీదుగా పసుపు వస్తుంది. ఏ ఛాయ దగ్గర ఆపినా ఫరవాలేదు, ఆరు టైట్రేషన్లూ అదే ఛాయ దగ్గర ఆపాలి.

ఉప్పుకల్లు

మళ్ళీ చేయడానికి మేడమ్ ఒప్పుకున్నారు. ఈసారి ఎంత వేయాలి, ఎలా తీయాలి? పిపెట్‌లో స్ఫటికాలు పడడం కూడా పోయినసారి 50, 45 దగ్గర చూశాను.

బ్యూరెట్‌బాబాయ్

100 మి.లీ. నీళ్ళకు 40 గ్రాములు వేయండి. 55 డిగ్రీల దాకా ఎక్కడా మొత్తం కరగదు. 60 కి తీసుకెళ్ళొద్దు. అక్కడ 100 గ్రాముల నీరు దాదాపు 43 గ్రాములు మింగేస్తుంది, మళ్ళీ మొదటికొస్తుంది.

బీకరు మూతపెట్టి వాటర్ బాత్‌లో ఉంచండి. థర్మామీటరు బాత్‌లో కాదు, ద్రావణంలోనే ఉండాలి. ఒక్క అర డిగ్రీ తప్పితే ఈ వాలుతో Ksp ఏడు శాతం దాకా మారుతుంది, ఆమ్లంలో అది రెండు శాతం పైన. బ్యూరెట్ రీడింగ్‌లో ఎంత జాగ్రత్తపడ్డా దానికి విరుగుడు లేదు. కావలసిన ఉష్ణోగ్రత దగ్గర పావుగంట కలపండి, కలపడం ఆపి అయిదు నిమిషాలు తేరనివ్వండి, అప్పుడు పైనున్న తేట నుంచి తీయండి.

తేరడం ఎందుకంటే, పది మిల్లీగ్రాముల గింజ ఒక్కటి పిపెట్‌లోకి వచ్చినా అదొక్కటే 0.26 మి.లీ. ఆమ్లం తాగుతుంది. 25 డిగ్రీల దగ్గర మీ మొత్తం రీడింగే 8. పిపెట్ మొనకు చిన్న దూది చుట్టి తీసి, వదిలేముందు ఆ దూదిని తీసేస్తే ఇంకా మంచిది.

పిపెట్‌ను పక్క బీకరులో ద్రావణం కన్నా అయిదారు డిగ్రీలు ఎక్కువ వేడి ఉన్న డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచి, తీసి, తుడిచి, ఒకసారి ఆ ద్రావణంతోనే కడిగి వాడండి. చల్లని పిపెట్ అయితే గోడల మీద తెల్లటి పొర కడుతుంది. ఆ పొర ఫ్లాస్కులోకి రాదు, రీడింగ్ తగ్గుతుంది. ఇది వేడి చివర్లోనే జరుగుతుంది కాబట్టి, గ్రాఫ్‌పిచ్చి చెప్పినట్టు, వాలును తగ్గించే తప్పు ఇది. ఫ్లాస్కులో ముందే 40, 50 మి.లీ. గోరువెచ్చని నీళ్ళు పోసి ఉంచితే నమూనా పడగానే పలచబడి అందులో స్ఫటికం కట్టదు. పిపెట్ ఖాళీ అయ్యాక కొద్దిగా వేడినీళ్ళతో కడిగి ఆ నీళ్ళూ ఫ్లాస్కులోకే వదలండి.

శ్రీవల్లి_కెమ్

పిపెట్ కడిగిన నీళ్ళు కలపకూడదని కదా మనం పిల్లలకు చెబుతాం? మొనలో నిలిచే చుక్కను లెక్కలో వదిలేసే అది తయారుచేస్తారు. కడిగితే అయిదు మి.లీ. కన్నా ఎక్కువ పడినట్టే.

బ్యూరెట్‌బాబాయ్

మీరన్నది సూత్రం ప్రకారం నిజం. కడిగితే అర శాతం లోపు ఎక్కువ పడుతుంది. కానీ ఆరుసార్లూ కడిగితే అది ఆరింటిలోనూ ఒకే నిష్పత్తి, ΔH కి తగలదు. కడగకపోతే పొరలో పోయేది వేడి దగ్గర ఎక్కువ, చల్లదనం దగ్గర సున్న. రెండు తప్పుల్లో వాలును ముట్టుకోనిదాన్నే ఎంచుకుంటాను.

శ్రీవల్లి_కెమ్

నాకైతే ఇంకా మనసొప్పడం లేదు. ఫ్లాస్కును ముందే తూచి, నమూనా వదిలాక మళ్ళీ తూస్తే ఈ గొడవంతా ఉండదు కదా. ఎంత పడిందో గ్రాముల్లో తెలిసిపోతుంది.

బ్యూరెట్‌బాబాయ్

అది నా పద్ధతి కన్నా మంచిది. మిల్లీగ్రాముల త్రాసు ఖాళీగా దొరికితే తప్పకుండా అలాగే చేయండి. లీటరుకు బదులు కిలో నీటికి మోల్స్ లెక్కలో వస్తుంది, అంతే తేడా.

ఉప్పుకల్లు

కొత్త రీడింగులు వచ్చాయి. త్రాసు దొరకలేదు, పిపెట్‌తోనే చేశాను, ఆరుసార్లూ కడిగాను. 40 గ్రాములు వేసి 25 నుంచి పైకి వెళ్ళాను. అదే 0.200 M ఆమ్లం.

25 °C: 8.1 మి.లీ., s = 0.162, ln Ksp = −4.074
30 °C: 10.0, 0.200, −3.442
35 °C: 12.4, 0.248, −2.797
40 °C: 15.7, 0.314, −2.089
45 °C: 20.0, 0.400, −1.363
50 °C: 25.3, 0.506, −0.657

తర్వాత అదే బీకరును చల్లార్చి 40 దగ్గర పావుగంట ఆపి మళ్ళీ తీస్తే 15.8 పట్టింది.

వాలు −13218 K, అంతరఖండం 40.18. ΔH 109.9 kJ/mol, ΔS 334 J/mol·K. 25 దగ్గర ΔG 10.3 kJ/mol వస్తోంది. మేడమ్ సరే అన్నారు. దీని పక్కన ఎంత అనిశ్చితి రాయాలి?

గ్రాఫ్‌పిచ్చి

కింది నుంచి వెళ్ళి 15.7, పై నుంచి వచ్చి 15.8. ఈ రెండంకెలే నాకు R² కన్నా ఎక్కువ నమ్మకం ఇస్తున్నాయి. రికార్డులో తప్పకుండా రాయండి.

అనిశ్చితికి ఎక్సెల్‌లో ట్రెండ్‌లైన్ చాలదు. E నిలువులో 1/T, F నిలువులో ln Ksp ఉంటే ఇది వేయండి:

```
=LINEST(F2:F7,E2:E7,TRUE,TRUE)
```

పై వరసలో వాలు, అంతరఖండం, రెండో వరసలో వాటి ప్రామాణిక దోషాలు వస్తాయి. మీ అంకెలకు వాలు దోషం సుమారు 335 K, అంటే ΔH 110 ± 3. అంతరఖండం దోషం 1.08, అంటే ΔS 334 ± 9. ఆ తొమ్మిది పెద్దదిగా అనిపిస్తే కారణముంది. మీ బిందువులు 1/T = 0.0031 నుంచి 0.0034 మధ్య ఉన్నాయి, అంతరఖండం మాత్రం సున్న దగ్గర. ఇంత దూరం గీతను సాగదీస్తే వాలులో చిన్న తేడా అక్కడ పెద్దదవుతుంది. పైగా ఈ రెండు దోషాలూ జంటగా నడుస్తాయి, ΔH ఎక్కువొస్తే ΔS కూడా ఎక్కువే వస్తుంది. అందుకే ప్రయోగం జరిగిన ఉష్ణోగ్రతల మధ్య ΔG మాత్రం పెద్దగా కదలదు. మీ మొదటి తప్పు డేటాతో చూసినా 25 దగ్గర ΔG 9.3 వస్తుంది. ΔH లో 17 తేడా ఉన్నా ΔG లో ఒక్కటే.

ఒక్క అనుమానం. ముక్కల వాలు చూస్తే 25–30 దగ్గర 95, 45–50 దగ్గర 120. ఇంకా వంకర ఉంది.

చార్జ్_బ్యాలెన్స్

ఇంతసేపూ ఎవరూ అయానిక బలం మాట ఎత్తలేదేమిటి? ఆ వంకర ప్రయోగంలో తప్పు కాదు, 4s³ అని రాయడంలో ఉంది. ఇది 2:1 విద్యుద్విశ్లేష్యం, అయానిక బలం 3s. 25 దగ్గర 0.49, 50 దగ్గర 1.5. నిజమైన Ksp లో క్రియాశీలతలు ఉండాలి, గాఢతలు కాదు. గాఢత పెరిగే కొద్దీ క్రియాశీలతా గుణకం తగ్గుతుంది కాబట్టి, నిజమైన స్థిరాంకం పెరిగేదాని కన్నా 4s³ ఎక్కువ వేగంగా పెరుగుతుంది. వాలు వేడి వైపు నిటారవుతుంది. అచ్చయిన ద్రావణీయతా పట్టికలు తీసి చూడండి. 20, 30, 40, 50 డిగ్రీలకు నూరు గ్రాముల ద్రావణంలో అనార్ద్ర లవణం 2.58, 3.85, 6.00, 9.55 గ్రాములు. వాటితో ఇదే లెక్క కడితే 20–30 మధ్య ΔH 90 దగ్గర, 40–50 మధ్య 120 దగ్గర వస్తుంది. ఉప్పుకల్లు వంకర పట్టికల్లో ఉన్న వంకరే.

కాబట్టి 110 అనేది బోరాక్స్ ధర్మం కాదు, 25 నుంచి 50 దాకా ఎంచుకోవడం వల్ల వచ్చిన సగటు. ± 3 అని రాయడం నాకు నచ్చదు. ఆ ± 3 అనేది బిందువుల చెల్లాచెదురు నుంచి వచ్చింది కాదు, వంకర గీత మీద తిన్నటి గీత గీయడం నుంచి వచ్చింది.

బ్యూరెట్‌బాబాయ్

పట్టికల మాట నిజం. వంకర మొత్తాన్ని క్రియాశీలత మీద తోసేయడమే నేను ఒప్పుకోను. ఎంథాల్పీ కూడా ఉష్ణోగ్రతతో మారుతుంది. ఘనపదార్థానికీ, కరిగిన అయాన్లకూ, విడుదలయ్యే ఎనిమిది నీటి అణువులకూ ఉష్ణధారణ ఒకటి కాదు. ఈ ప్రయోగంలో గాఢతా ఉష్ణోగ్రతా కలిసే పెరుగుతాయి. ఆరు బిందువులతో ఏది ఎంతో విడదీయలేం.

ఇంకో సంగతి. టైట్రేషన్ బోరేట్ రూపాలను గుర్తుపట్టలేదు. గాఢ ద్రావణంలో టెట్రాబోరేట్ అయానుతో పాటు ట్రైబోరేట్ లాంటివీ ఉంటాయి. పలచన చేసి ఆమ్లం పోస్తే అన్నీ బోరిక్ ఆమ్లమే అవుతాయి. మనం కొలిచేది మొత్తం క్షారత. [B₄O₅(OH)₄²⁻] అని రాసే గాఢత నిజానికి అంతకన్నా కొంత తక్కువ.

చార్జ్_బ్యాలెన్స్

రూపాల సంగతి ఒప్పుకుంటాను, అది నా వాదనకు ఇంకా బలం. డేవీస్ సమీకరణంతో కనీసం 25, 30 బిందువులనైనా సవరించవచ్చు.

బ్యూరెట్‌బాబాయ్

అయానిక బలం 0.5 దాకా దాన్ని నమ్మొచ్చు, మీ రెండో బిందువే 0.6. రెండు బిందువులను సవరించి నాలుగింటిని వదిలేస్తే కొత్త వంకర మనమే తెచ్చిపెట్టుకున్నట్టు. మొత్తం పరిధికి పనిచేసే పరామితులు పెట్టి చేస్తానంటే చేయండి, డిగ్రీ రికార్డులో అది అడగరు.

గ్రాఫ్‌పిచ్చి

వంకర గురించి ఉప్పుకల్లు గమనించాల్సింది ఒకటుంది. అతిసంతృప్తం వల్ల చల్లటి చివర గీత పడుకుంటుంది. సహజమైన వంకర కూడా అటే, చల్లటి చివర వాలు తక్కువ. రెండిటి దిశ ఒకటే కాబట్టి గ్రాఫ్ ఆకారం చూసి ఇది తప్పు, ఇది సహజం అని తేల్చలేం. 72 వచ్చినప్పుడు అనుమానించాం, అదే 88 వచ్చుంటే? అందుకే పై నుంచీ కింది నుంచీ వచ్చి కలవడం అన్న పరీక్ష తప్ప వేరే దారి లేదు. 40 దగ్గర చేశారు, వీలైతే 25 దగ్గర కూడా చేయండి. అతిసంతృప్తం ఎక్కువగా దాక్కునేది అక్కడే.

వేడి చివర కిందికి వంగడం మాత్రం సహజ వంకరకు ఎదురు దిశ. అది కనబడితే ఘనపదార్థం అయిపోయిందో, పిపెట్‌లో పొర కట్టిందో, 60.8 దాటారో చూసుకోవాలి.

నిజాంసాగర్

నా 65, 70 బిందువులతో విడిగా రెండో గీత గీస్తే పెంటాహైడ్రేట్ ΔH వస్తుందా?

గ్రాఫ్‌పిచ్చి

రెండు బిందువులతో ఎప్పుడైనా గీత వస్తుంది, తిన్నగానే వస్తుంది. దోషం ఎంతో తెలియదు. 63 నుంచి 75 దాకా అయిదు బిందువులైనా ఉంటే గీయండి. రెండు గీతలూ 61 దగ్గర కలుస్తున్నాయో లేదో చూడడం బాగుంటుంది.

బ్యూరెట్‌బాబాయ్

ఒక జాగ్రత్త. 65 దగ్గర అడుగున ఉన్నదంతా పెంటాహైడ్రేట్‌గా మారిందో లేదో తెలియాలి. మారడానికీ సమయం పడుతుంది. నమూనాలు వరసగా తీస్తూ రీడింగ్ నిలకడైందాకా ఆగండి. ఆ గాఢతలో 5 మి.లీ. కి ఈ ఆమ్లం 45 మి.లీ. దాటి పడుతుంది. బ్యూరెట్ మధ్యలో నింపుకోవాల్సి రాకుండా 0.5 M వాడండి, లేదా 2 మి.లీ. పిపెట్ తీసుకోండి.

ఉప్పుకల్లు

అయితే రికార్డులో ΔH 110 ± 3 అని రాయనా, లేక "25 నుంచి 50 డిగ్రీల మధ్య సగటు" అని రాయనా? ΔS 334 ధనాత్మకం ఎందుకో కూడా వైవాలో అడుగుతారట.

బ్యూరెట్‌బాబాయ్

రెండూ రాయండి. అంకె, దాని ప్రామాణిక దోషం, ఏ ఉష్ణోగ్రతల మధ్యో, గాఢతలతో కట్టిన Ksp అన్న మాట. ముక్కల వాలు 95 నుంచి 120 దాకా మారుతోందని కింద ఒక వాక్యం. చార్జ్_బ్యాలెన్స్‌గారు కోరేదీ అదే అనుకుంటాను. ΔS కి అయాన్లు చెదిరిపోతాయి అని ఒక్క ముక్కతో ఆపకండి. ఒక్క మోల్ ఘనపదార్థం నుంచి మూడు మోల్స్ అయాన్లు, వాటితో పాటు స్ఫటికంలో కదలకుండా ఉన్న ఎనిమిది మోల్స్ నీరు బయటికొస్తాయి. ఆ నీటి వాటా పెద్దది. అయాన్లు తమ చుట్టూ కొంత నీటిని మళ్ళీ కట్టేసుకుంటాయి, అది తగ్గించే వైపు. మిగిలిన నికర లెక్క మీ 334.

చార్జ్_బ్యాలెన్స్

సగటు అని రాస్తే నాకు అభ్యంతరం లేదు. వంకరకు కారణం మాత్రం క్రియాశీలతే అని నా మాట మీదే ఉన్నాను.

ఉప్పుకల్లు

25 దగ్గర పై నుంచి వచ్చి తీశాను. పావుగంటకు 8.6, అరగంటకు 8.3, ముప్పావుగంటకు 8.2, గంటకు 8.2. కింది నుంచి వెళ్ళినప్పుడు 8.1.

బ్యూరెట్‌బాబాయ్

చూశారా, 40 దగ్గర పావుగంట సరిపోయింది, 25 దగ్గర ముప్పావుగంట పట్టింది. 8.1, 8.2 రెండూ రాసి సగటు వేసుకోండి. పావుగంట రీడింగ్ 8.6 ను కొట్టేయకుండా పక్కన సమయంతో సహా ఉంచండి, వైవాలో దాని మీదే ప్రశ్న వస్తుంది.